గవరయ్య అడిగిన మాట

బంగారమ్మ తండ్రి గవరయ్యకు నోరు తెరిచి అడగడం చేతకాదు. దాహం వేస్తే "కుండలో నీళ్ళు సల్లబడ్డాయేటి?" అనేవాడు. భార్య అప్పలనరసమ్మ ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన రోజు లేదు. చెంబు ముంచి తెచ్చి చేతికిచ్చేది. సాయంత్రం పూట "ఎండ తగ్గినట్టుంది" అంటే బంగారమ్మ చెప్పులు వెతుక్కునేది. గట్టు మీదికి నడకకు రమ్మని పిలవడం అది. అదే మాట మధ్యాహ్నం మబ్బు కమ్మినప్పుడు అంటే మాత్రం పరుగెత్తి పెరట్లో ఆరబోసిన మిరపకాయలు ఎత్తాలి. ఏ మాటకు ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

గవరయ్య నల్లగెడ్డ అనే వాగు మీది జలాశయం దగ్గర లస్కరు. గేట్లు ఎత్తడం, దించడం, రాతి మీద గీసిన అంకెలు చూసి నీటిమట్టం ఎంతుందో పై అధికారికి చెప్పడం అతని పని. గట్టు చివర రెండు గదుల క్వార్టరు వాళ్ళది. పక్క గదిలో వైర్‌లెస్ సెట్టు ఉండేది. దానికి కలిపిన టేపురికార్డరు వచ్చే మాటా పోయే మాటా పట్టి ఉంచేది. బంగారమ్మ బడి నుంచి రాగానే ఆ గది గడప మీద కూర్చుని తండ్రి మాట్లాడుతుంటే వినేది. కొండ మీంచి దిగే గాలికి గది తలుపు కొట్టుకుంటూ ఉండేది. గవరయ్య అంకెలు చెప్పేటప్పుడు నిలబడేవాడు. అవతల అధికారికి తాను కనిపించనని తెలిసినా నిలబడే చెప్పేవాడు.

బంగారమ్మకు పన్నెండేళ్ళు వచ్చే దాకా సాగింది ఆ జీవితం. ఆ తర్వాత విశాఖపట్నంలో ఒక గోదాము కాపలా, ఒక ఇరుకు గది, మాట తగ్గిపోయిన తండ్రి. ఎండ తగ్గిందని ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. సముద్రం నడిచే దూరంలోనే ఉండేది.

*

బంగారమ్మ భాషాశాస్త్రం చదివింది. మనుషుల మాటకు అర్థమేమిటని అందరూ వెతుకుతుంటే ఆమె ఆ మాట ఏం పని చేస్తోందని వెతికింది. నలభై ఆరేళ్ళ వయసులో, ప్రొఫెసర్ ఆశీర్వాదం గారి ప్రయోగశాలలో, ఆ పనిని కొలిచే యంత్రాన్ని తయారు చేసింది. మొదటి నమూనాకు తక్కెడలో ఉండేలాంటి ముల్లు ఒకటి ఉండేది కనుక విద్యార్థులు దానికి 'పనిముల్లు' అని పేరు పెట్టారు. తర్వాత అసలు ముల్లు పోయి తెర మీద గీసిన ముల్లు వచ్చినా పేరు అదే నిలిచింది.

కొత్తగా చేరిన వాళ్ళకు ఆమె ఒకే వాక్యంతో దాన్ని చూపించేది. "తలుపు తెరిచే ఉంది" అనే మాటను ముగ్గురి చేత అనిపించి రికార్డు చేసింది. గడప దగ్గర తటపటాయిస్తున్న చుట్టంతో ఇంటావిడ అన్నప్పుడు ముల్లు ఆహ్వానం దగ్గర ఆగింది. లోపలికొచ్చిన విద్యార్థితో మాస్టారు అన్నప్పుడు, వేసి రమ్మనే ఆజ్ఞ దగ్గర ఆగింది. పోట్లాడి సామాను సర్దుకుంటున్న భర్తతో భార్య అన్నప్పుడు, పొమ్మనడం దగ్గరికి జరిగింది. మూడుసార్లూ మాటలవే. తలుపు గురించిన నిజమూ అదే.

యంత్రం మొదట గొంతు వింటుంది. ఏదైనా కోరే మనిషి మాట పూర్తయ్యాక కూడా ఊపిరి పూర్తిగా వదలడు, జవాబు కోసం కొంత పట్టి ఉంచుతాడు. ఊరికే కబురు చెప్పేవాడు వదిలేస్తాడు. సరే అనేవాళ్ళు వెంటనే అంటారు. కాదనేవాళ్ళు ఒక క్షణం ఆగి, 'అదీ' అనో 'చూడాలి' అనో మొదలుపెట్టి, కారణం ముందు చెప్పి, కాదనడాన్ని చివరికి నెడతారు, కొన్నిసార్లు దాన్ని అననే అనరు.

కాని గొంతు ఒక్కటే చాలదు. అందుకని ప్రతి మాటతో పాటు ఒక కాగితం నింపాలి. అన్నది ఎవరు, విన్నది ఎవరు, ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుంది? చెప్పిన సంగతి విన్నవాడికి ముందే తెలుసా? అడిగిన పని అతను చేయగలడా, అడగకపోయినా చేసేవాడేనా? దాని వల్ల మేలు ఎవరికి? ఈ వివరాలు లేకపోతే ముల్లు ఎక్కడా ఆగదు. "రేపు నేనొస్తాను" అనే మాట ఎదురు చూస్తున్న తల్లికి మాట ఇవ్వడం, తప్పించుకు తిరుగుతున్న వాడికి బెదిరింపు.

యంత్రం కుదిరిన రోజు ఆశీర్వాదం గారు సరదాపడి ఇంటికి ఫోన్ చేశారు. "ఆదివారం తమ్ముడి వాళ్ళని భోజనానికి పిలవనా?" అని అడిగారు.

అవతల కొంచెం ఆగి, "మీ ఇష్టం" అంది ఆయన భార్య.

ముల్లు వెళ్ళి నిరాకరణ మీద నిలబడింది. గదిలో అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. సాయంత్రం మెట్లు దిగుతూ, "ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట అంటూనే ఉందమ్మా ఆవిడ. నేను ప్రతిసారీ పిలిచేశాను" అన్నారు. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేయాల్సి వస్తే ఆయన వరండాలోకి వెళ్ళి మాట్లాడేవారు.

*

తుఫాను వచ్చిన ఆ అక్టోబరు రోజున బంగారమ్మ బడికి వెళ్ళలేదు. ఉదయం నుంచి నల్లగెడ్డకు వరద. గేట్లు ఎత్తాలంటే అసిస్టెంటు ఇంజనీరు రామశేషం గారి ఉత్తర్వు కావాలి. ఆయన పదిహేను మైళ్ళ దూరంలో ఆఫీసులో ఉన్నారు. గవరయ్య వైర్‌లెస్‌లో ఆయనతో మూడుసార్లు మాట్లాడాడు. మూడున్నరకు నీళ్ళు గేట్ల పైనుంచి దూకడం మొదలుపెట్టాక, ఉత్తర్వు లేకుండానే నాలుగు గేట్లూ ఒక్కసారి ఎత్తేశాడు. ఎత్తకపోతే గట్టే తెగేది. ఆ ఉధృతికి దిగువన చినవలస దగ్గర గెడ్డ దాటుతున్న ఐదుగురు కొట్టుకుపోయారు. రెండు గంటలకే ఒక్కొక్క గేటూ కొంచెం కొంచెం ఎత్తి ఉంటే ఎవరూ పోయేవారు కాదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.

విచారణలో గవరయ్యను ఒకటే అడిగారు. "గేట్లు ఎత్తడానికి అనుమతి కోరావా?"

"ఆ మాట అనలేదండి" అన్నాడు గవరయ్య.

నీటిమట్టం గురించి సమాచారం మాత్రమే ఇచ్చాడనీ, అనుమతి కోరలేదనీ, చివరికి అనుమతి లేకుండా గేట్లు ఎత్తాడనీ రాసి, ఉద్యోగం నుంచి తీసేశారు. చినవలస వాళ్ళు ఆ ఇంటి వైపు చూడడం మానేశారు. నెల తిరక్కుండా గవరయ్య కుటుంబం విశాఖపట్నం బండెక్కింది.

గవరయ్య పోయిన పదకొండేళ్ళకు, సమాచార హక్కు కింద బంగారమ్మ పెట్టిన దరఖాస్తుకు జవాబుగా ఆ టేపు నకలు వచ్చింది. ఆమె దాన్ని ఇంట్లో బల్ల మీద పెడితే అప్పలనరసమ్మ చిక్కుడుకాయలు ఒలవడం ఆపి చూసింది.

"ఏటది?"

"నాన్న గొంతు. ఆ రోజుది."

తల్లి చేతిలోని కాయను చేటలో పడేసింది. "దాన్ని మీ మిషనుకి ఇనిపిస్తావా?"

"నాన్న అడిగాడని తేలుతుందమ్మా."

"ఆయన అడిగినాడని నాకు మిషను సెప్పాలేటి? ఆయన ఎలాగ అడుగుతాడో నాకు తెలదా?" అప్పలనరసమ్మ మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. "అడగడం గురించి కాదే నా భయం. ఆ ఇంజినీరు బాబు ఆఖర్న 'సరేలే' అన్నాడంట. మీ నాన్న ఎన్నేళ్ళు నన్ను అడిగినాడో తెలుసా నీకు? అన్నం తింటా తింటా ఆగిపోయి, 'నరసమ్మా, సరేలే అంటే ఎత్తమనా, ఊరుకోమనా?' అనేవోడు. నాకు తెలదు అనేదాన్ని. ఎత్తమనే అని మిషను సెప్పీసిందనుకో. అప్పుడు ఆ ఐదుగురూ ఎవరి మీద పడతారు?"

బంగారమ్మకు ఆ సంగతి అంతవరకు తెలియదు. తండ్రి పళ్ళెం ముందు ఆగిపోవడం చాలాసార్లు చూసింది. పళ్ళు నొప్పేమో అనుకునేది.

*

అయినా ఆమె టేపు వినిపించింది. మరుసటి ఉదయం, విద్యార్థులు రాకముందు, ఆశీర్వాదం గారు పక్కన ఉండగా.

ముందు గరగరమని చప్పుడు, ఆ వెనక గాలి, ఆ గాలిలో తలుపు కొట్టుకోవడం. అప్పుడు తండ్రి గొంతు. ముప్పై అయిదేళ్ళవాడి గొంతు, ఇప్పటి తనకన్నా చిన్నవాడిది. బంగారమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీళ్ళు ఎక్కతన్నాయండి బాబూ. నూట ముప్పై ఎనిమిది." "సరే." అది పదకొండున్నరకు. ముల్లు సమాచారం దగ్గర ఆగింది. వరద వస్తే మట్టం చెప్పాలన్నది నియమం, చెప్పాడు.

ఒంటి గంటకు మళ్ళీ అదే మాట. "నీళ్ళు ఎక్కతన్నాయండి బాబూ." ఈసారి అంకె లేదు. "ఊఁ. చూద్దాం" అన్నారు రామశేషం గారు, ఒక క్షణం ఆగి.

ముల్లు సమాచారం నుంచి లేచి కోరిక వైపు జరిగింది. తెర మీద కారణం కనిపించింది. విన్నవాడికి ఆ సంగతి ముందే తెలుసు. తెలిసిన సంగతిని అంకె లేకుండా మళ్ళీ చెప్పాడంటే చెప్పడం కోసం చెప్పలేదు. 'చూద్దాం' అనే మాటను యంత్రం వాయిదా అంది. కాదనకుండా కాదనడానికి మనవాళ్ళు ఎక్కువగా వాడే మాట అదే.

రెండు దాటి ఐదు నిమిషాలకు మూడోసారి.

"నీళ్ళు ఎక్కతన్నాయండి బాబూ... నేను గేట్ల కాడే ఉన్నానండి."

ముల్లు ఏ తడబాటూ లేకుండా వెళ్ళి కోరిక మీద నిలబడింది. తాను గేట్ల దగ్గర ఉన్నానని, అంటే చేయడానికి సిద్ధంగా ఉన్నానని చెబుతున్నాడు. చేయగల మనిషి సిద్ధంగా ఉన్నాడు, అవసరం పెరుగుతోంది, లేనిదల్లా ఒక్క మాట. ఆ మాట ఇవ్వగలవాడు అవతల ఉన్నాడు. చుట్టూ ఉన్నవన్నీ చెప్పి, అడగాల్సిన దాన్ని మాత్రం మధ్యలో ఖాళీగా వదిలాడు. గెజిటెడ్ అధికారితో లస్కరు 'ఎత్తమనండి' అంటే అది ఆజ్ఞలా వినిపిస్తుంది. 'ఎత్తమంటారా' అన్నా తొందరపెట్టినట్టే. టేపు మీద ఆ మాట చివర ఊపిరి పట్టి ఉంచిన చప్పుడు స్పష్టంగా ఉంది. రెండున్నర సెకన్లు.

ఆ తర్వాత రామశేషం గారి గొంతు. "సరేలే."

బంగారమ్మ తెర వైపు చూడలేక ఆశీర్వాదం గారి ముఖం చూసింది. ఆయన కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి.

"ఆగడం లేదమ్మా" అన్నారాయన.

ముల్లు అనుమతికీ, మాట తెంపేయడానికీ మధ్య ఊగుతోంది. మళ్ళీ వేశారు, మళ్ళీ అలాగే ఊగింది. కాగితంలో వివరాలు సరిచూశారు. గాలి చప్పుడు తీసేసి విన్నారు. పదహారుసార్లు వేసినా అంతే.

"మన దాంట్లో లోపమేమో" అన్నారు ఆశీర్వాదం గారు. "ఫిర్యాదుల ఫోన్ లైన్లకు దీన్ని తీసుకుంటామన్న వాళ్ళు వచ్చే నెల పరీక్షకు వస్తున్నారు. ఒక మాటకు ఒకటే జవాబు ఉండాలన్నారు. దేని వైపు ఎక్కువ మొగ్గితే అదే చూపించేలా మార్చేద్దామా?"

"దేని వైపు ఎక్కువ మొగ్గుతోంది సార్?"

ఆయన తెర చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అనుమతి వైపు. వెంట్రుకవాసి."

ఆ వెంట్రుకవాసి ముల్లును అటు తోసేస్తే తండ్రి జీవితాంతం అడిగిన ప్రశ్నకు జవాబు అదే అవుతుంది. అనుమతి దొరికింది, అతను పుచ్చుకోలేదు. బంగారమ్మ యంత్రం ఆపేసింది.

"అన్న మనిషి ఇంకా ఉన్నాడు సార్. ముందు ఆయన్ని అడుగుతాను."

*

రామశేషం గారు విజయనగరంలో కోట వెనక వీధిలో ఉంటున్నారు. ఎనభై రెండేళ్ళు. భార్య పోయింది, మనవరాలు వండిపెడుతుంది. బంగారమ్మ వెళ్ళేసరికి వరండాలో వాలుకుర్చీలో పేపరు చదువుతున్నారు. గవరయ్య కూతురినని చెప్పగానే ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. కూర్చోమనలేదు. తర్వాత గుర్తొచ్చినట్టు స్టూలు చూపించారు.

"భోజనం వేళకొచ్చావు" అన్నారు.

అది ఆహ్వానమో, త్వరగా వెళ్ళమనడమో ఆమెకు తెలియలేదు. యంత్రం తెచ్చుకోలేదు. తన ఫోనులో ఉన్న ఆ మూడో మాట వినిపించింది. చివర ఆయన గొంతు వచ్చినప్పుడు ఆయన కళ్ళు మూసుకున్నారు.

"సార్, ఆ 'సరేలే'కి మీ ఉద్దేశం ఏమిటి?"

ఆయన వీధిలోకి చూశారు. కూరగాయల బండివాడు కేకవేస్తూ వెళ్ళిపోయాడు.

"గవరయ్య అడుగుతున్నాడని నాకు తెలుసమ్మా" అన్నారు చివరికి. "రెండోసారే తెలుసు. నేను అక్కడ పనిచేసిన నాలుగేళ్ళలో వాడి మాట నాకు బాగా అలవాటైంది. విచారణలో నన్ను 'అనుమతి కోరాడా' అని అడిగితే, 'ఆ మాట అనలేదు' అన్నాను. వాడూ అదే అన్నాడు. ఇద్దరం నిజమే చెప్పాం."

"మరి ఎత్తమని ఎందుకు అనలేదు?"

"ఒంటి గంటకు నేను మా పైవాడికి ఫోన్ చేశాను. గేట్లు ఎత్తాల్సి వచ్చేలా ఉంది సార్ అన్నాను. ఆయన ఎత్తొద్దనలేదు. 'దిగువన వంతెన పని జరుగుతోంది కదా శేషం' అన్నాడు, అంతే. వంతెన పని నాకు తెలియదా? తెలిసిన సంగతి ఎందుకు చెప్పాడో కూడా తెలుసు." ఆయన కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు. "రెండింటికి గవరయ్య మళ్ళీ పిలిచాడు. నేను ఎత్తమంటే, వంతెన పోతే, నా మాట టేపు మీద ఉంటుంది. వద్దంటే, గట్టు పోతే, అదీ ఉంటుంది. సరేలే అన్నాను. ఎత్తితే ఎత్తనీ, నేను అన్నట్టు మాత్రం ఉండకూడదు. ఆ క్షణం నా మనసులో ఉన్నది అదేనమ్మా. రెండూ ఉన్నాయి. వాడు ఏదో ఒకటి ఏరుకుంటాడని వాడి మీదికి వదిలేశాను."

బంగారమ్మకు ముల్లు ఊగడం కళ్ళ ముందు కనిపించింది. దానిలో లోపం లేదు. ఉన్నదే చూపించింది.

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దాని వెనకే, ఆ గది గడప మీద కూర్చున్నప్పుడు నిలబడి మాట్లాడుతున్న తండ్రి వీపు గుర్తొచ్చింది. అడిగీ అడగకుండా అడిగేవాడు ఒకడు, ఇచ్చీ ఇవ్వకుండా ఇచ్చేవాడు ఇంకొకడు. ఇంట్లో అది పనికొచ్చింది. ఇంట్లో చెంబు అందకపోతే లేచి తానే ముంచుకోవచ్చు. ఉత్తర్వును తానే ముంచుకోవడానికి గవరయ్యకు అధికారం లేదు.

"నేనొకటి అడుగుతాను సార్" అంది. "చుట్టూ తిప్పకుండా అడుగుతాను. మీరు చినవలస వచ్చి, ఇప్పుడు నాతో అన్నదే వాళ్ళందరి ముందూ అనండి."

ఆయన వెంటనే మాట్లాడలేదు. "అదీ... మోకాళ్ళ నొప్పులమ్మా. డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. అదీగాక ముప్పై నాలుగేళ్ళయింది, ఇప్పుడు వాళ్ళకు కొత్తగా..." ఆయన ఆగిపోయారు.

ఆగడం, 'అదీ', ముందుగా కారణం, పూర్తికాని వాక్యం. ఇలాంటివి ఆమె వేలు విన్నది. లేచి నిలబడింది. "వెళ్ళొస్తానండి" అంది. మళ్ళీ రానని ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

గేటు గడియ తీస్తుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఎప్పుడు రావాలమ్మా?"

*

ఆశీర్వాదం గారు యంత్రాన్ని మార్చలేదు. పరీక్షకు వచ్చినవాళ్ళు రెండు పనులు చూపించే ముల్లు తమకు అక్కర్లేదని వెళ్ళిపోయారు. "పోనీలెండి" అన్నారాయన. ఆ మాటకు ఆయన ఉద్దేశమేమిటో బంగారమ్మ అడగలేదు. ఆ ఆదివారం ఆయన తమ్ముడి వాళ్ళను పిలవలేదని, భార్యతో కలిసి చర్చి నుంచి నడుచుకుంటూ ఇంటికెళ్ళారని మాత్రం తెలిసింది.

డిసెంబరు మొదటివారంలో బంగారమ్మ తల్లిని తీసుకుని చినవలస వెళ్ళింది. అప్పలనరసమ్మ ఆ ఊరి మట్టి తొక్కి ముప్పై నాలుగేళ్ళయింది. గట్టు దగ్గర కారు ఆపించి కాసేపు నిలబడింది. క్వార్టరు కూలిపోయింది, వైర్‌లెస్ గది గోడ ఒకటి మిగిలింది. "ఇక్కడే మిరపకాయలు ఆరబోసేదాన్ని" అంది, చెయ్యి చాపి, సరిగ్గా ఆ చోటు చూపించి. గాలి అలాగే ఉంది.

బడి వరండాలో ముప్పై మంది దాకా చేరారు. పోయినవాళ్ళ మనుషుల్లో మిగిలిన వాళ్ళు ముందు కూర్చున్నారు. భర్తను పోగొట్టుకున్న సూరమ్మ అందరికన్నా పెద్దది, గోడకు ఆనుకుని కర్ర పక్కన పెట్టుకుంది. రామశేషం గారు మనవరాలి భుజం పట్టుకుని నిలబడ్డారు. ఎవరో కుర్చీ జరిపితే వద్దన్నారు.

"గవరయ్య నన్ను అడిగాడు" అన్నారు. "గేట్లు ఎత్తనిమ్మని మూడుసార్లలో రెండుసార్లు అడిగాడు. నాకు అర్థమైంది. నేను ఎత్తమనలేదు. తప్పు అతనిది కాదు, నాది. విచారణలో ఈ మాట చెప్పలేదు, అదీ నాదే. ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి తెచ్చాను." తర్వాత అప్పలనరసమ్మ వైపు తిరిగి చేతులు జోడించారు. "అమ్మా, నన్ను క్షమించమని అడుగుతున్నాను."

వరండా అంతా ఆమె వైపు తిరిగింది. అప్పలనరసమ్మ కొంగు సర్దుకుంది.

"ఇన్నాను బాబూ" అంది.

అంతే అంది. క్షమించాననలేదు, క్షమించననలేదు. ఆయన అన్నది తనకు చేరిందని మాత్రం చెప్పింది. మిగిలినది తన దగ్గర ఉంచుకుంది. రామశేషం గారు తల వంచి, అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

 సూరమ్మ గొంతు సవరించుకుంది. "పాపా, మీ నాన్న గొంతు నీ కాడ ఉన్నాదంట కదా. నాను ఇనొచ్చా?"

బంగారమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చుని ఫోను ఆమె చెవి దగ్గరగా పట్టుకుంది. బయటి వాళ్ళకూ వినిపించేంత గట్టిగా పెట్టింది. గరగర, గాలి, తలుపు చప్పుడు.

"నీళ్ళు ఎక్కతన్నాయండి బాబూ... నేను గేట్ల కాడే ఉన్నానండి."

అక్కడే ఆపేసింది. తర్వాతి మాట వినిపించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఊపిరి పట్టి ఉంచిన ఆ రెండున్నర సెకన్లు దాటాయి, ఇంకా దాటాయి. సూరమ్మ కళ్ళు మూసుకుని, తల ఫోను వైపు వంచి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మెల్లగా అంది.

"ఎత్తీయి గవరయ్యా."

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అనడానికి ఆమెకు ఏ అధికారమూ లేదు, వినాల్సినవాడు లేడు, ఆ నీళ్ళు సముద్రంలో కలిసి ముప్పై నాలుగేళ్ళయింది. పనిముల్లును అక్కడ పెట్టి ఉంటే ఏ గుర్తు మీదా ఆగేది కాదు. అప్పలనరసమ్మ లేచి వచ్చి, సూరమ్మ పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.